మధ్యాహ్నం రెండున్నరకి డెబ్బై ఐదేళ్ళు

ఈ పరదేశంలో, బాతెల్ అనే ఊళ్ళో, మా అమ్మాయి ఇంట్లో పొద్దున ఎనిమిదిన్నర దాటితే సాయంత్రం ఐదున్నర దాకా నేనొక్కడినే. అమ్మాయి ల్యాబ్‌కి, అల్లుడు ఆఫీసుకి. మనవరాలు కాలేజీకి వెళ్ళిన దగ్గర్నుంచి మేడ మీద గది తలుపు మూసే ఉంటోంది. నేను పేపరు చదువుతాను, ఉతికిన బట్టలు మడత పెడతాను, డైరీ రాస్తాను. పందొమ్మిదో ఏట మొదలుపెట్టిన అలవాటు, రోజుకో పేజీ. ఈ మధ్య కొన్ని పేజీల్లో వాన గురించి తప్ప ఇంకేమీ ఉండటం లేదు. ఆ వాన కూడా మన వాన కాదు. చప్పుడు చేయదు. కిటికీ దగ్గరికి వెళ్ళి చూస్తేగానీ పడుతోందని తెలియదు.

బుధవారం మాత్రం వేరు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా లైబ్రరీ వెనక గదిలో మా తెలుగు వాళ్ళం పద్నాలుగు మందిమి చేరతాం. అందరం పిల్లల ఇళ్ళల్లో ఉండేవాళ్ళమే. ఎవరో పులిహోర తెస్తారు, ఎవరో జంతికలు. కాసేపు పాటలు, కాసేపు మోకాళ్ళ కబుర్లు. ఆ వారం ఎవరిదైనా పుట్టినరోజు ఉంటే గుడ్డు లేని కేకు, ఒక కార్డు. ఆ కార్డు రాసేది నేను.

ఆ పని నాకు ఎలా వచ్చిందో చెప్పాలి. మా బృందానికి పెద్ద ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు. ఆయన డెబ్బై రెండో పుట్టినరోజుకి మనవరాలు ఒక కార్డు చేసి ఇచ్చింది. ఆయన వయసుని రోజుల్లోకి మార్చి రంగుల పెన్సిళ్ళతో రాసింది. ఆయన దాన్ని గర్వంగా అందరికీ చూపించారు. నేను చూసి, “పద్దెనిమిది రోజులు తగ్గాయండీ” అన్నాను. పిల్ల డెబ్బై రెండుని మూడు వందల అరవై అయిదుతో గుణించి వదిలేసింది. మధ్యలో వచ్చిన ఫిబ్రవరి ఇరవై తొమ్మిదులు కలపలేదు.

“అంటే మా మనవరాలు నా ఆయుష్షులో పద్దెనిమిది రోజులు కోసేసిందంటారు” అన్నారాయన.

“కోసింది కాదండీ, జమ వేయలేదు.”

“అయితే ఇక మీదట జమలన్నీ మీరే వేయండి. ఖజానాలో చేసినవారు కదా.”

ఖజానా కార్యాలయంలో ముప్ఫై మూడేళ్ళు పెన్షన్ కాగితాలు చూశాను. ఎవరు ఏ తేదీన చేరారు, ఏ తేదీన దిగారు, నడుమ జీతం లేని సెలవులు పోను ఎన్నేళ్ళు, ఎన్ని నెలలు, ఎన్ని రోజులు అని లెక్కకట్టడమే నా ఉద్యోగం. ఆ విద్య మళ్ళీ పనికొస్తుందని అనుకోలేదు. రోజులతో ఆగకుండా గంటలు, సెకన్లు కూడా కలిపాను. రోజులని ఇరవై నాలుగుతో గుణిస్తే గంటలు, గంటలని మూడు వేల ఆరువందలతో గుణిస్తే సెకన్లు. పెద్ద విద్యేమీ కాదు. కానీ డెబ్బై ఏళ్ళ మనిషి తన వయసుని కోట్లలో చూసుకున్నప్పుడు ముఖంలో వచ్చే మార్పు చూడాలి. వయసు బరువుగా కాకుండా ఆస్తిలా కనిపిస్తుంది కాబోలు. మూడు నెలలు తిరిగేసరికి నా పేరు సెకన్ల మాస్టారు అయిపోయింది. వారంలో ఆరు రోజులు నన్ను ఎవరూ ఏ పేరుతోనూ పిలవరు కనుక అది నాకు బాగానే ఉంది.

ఒక చిక్కు ఉండేది. మా పద్నాలుగు మందిలో అయిదుగురికి పాస్‌పోర్టులో పుట్టినరోజు జులై ఒకటి. బడిలో వేసిన తేదీ. అందుకని ప్రతివారినీ అసలు తేదీ ఏమిటని అడగాలి. కొందరికి తెలుసు. కొందరు తమ్ముడికి ఫోన్ చేసి కనుక్కుంటారు. ఒకాయన, “ఎందుకండీ, వీసా వాళ్ళకి లేని అనుమానం మీకెందుకు” అన్నాడు.

ఆ అయిదుగురిలో ఒకావిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయింది. నాకంటే మూడేళ్ళు చిన్న. అందుకే నన్ను అన్నయ్యగారూ అనేది. ఈ బాతెల్‌లో నేను ఎదురుచూసే అరగంట ఆవిడ వల్ల వచ్చింది.

మూడింటికి గది ఖాళీ చేస్తే అందరి కార్లూ వచ్చేస్తాయి. మా అమ్మాయికి మాత్రం మూడున్నర అవుతుంది. ఆవిడ చిన్నకొడుక్కీ అంతే. లైబ్రరీ ముందు చూరు కింద ఒక చెక్క బెంచీ ఉంది. ఏడాదిన్నరగా, ఆవిడ ఊళ్ళో ఉన్న ప్రతి బుధవారం ఆ అరగంట ఆ బెంచీ మీద ఆ చివర ఆవిడ, ఈ చివర నేను. నడుమ ఆవిడ టిఫిన్ డబ్బా సంచి. ఆవిడ ట్రంక్ కాల్ కబుర్లు చెప్పేది.

“మూడు నిమిషాలకి కట్ చేయాలండీ. రూలు. అవతల ఎవరో ఏడుస్తుంటారు, ఇవతల ఎవరో ‘ఆఁ, ఆఁ, వినపడటం లేదు’ అంటుంటారు. గడియారం చూస్తూ కూర్చునేదాన్ని. త్రీ మినిట్స్ ఓవర్ అని చెప్పి తీసేసేదాన్ని.”

“జాలి వేసేది కాదా?”

“వేసేది. క్యూలో ఉన్నవాళ్ళ మీద ఇంకా జాలి వేసేది.”

నా భార్య పోయి నాలుగేళ్ళు. ఆ తరవాత నాతో అంతసేపు మాట్లాడిన మనిషి ఈవిడే. మా అమ్మాయి మాట్లాడదని కాదు. మందులు వేసుకున్నారా, తిన్నారా, చలిగా ఉందా అని అడుగుతుంది. జవాబులన్నీ ఒక్క మాటలో అయిపోయే ప్రశ్నలు.

సెప్టెంబరు చివరి బుధవారం ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నడుమ ఖాళీగా ఉంది.

“పెద్దవాడి దగ్గరికి వెళ్తున్నానండీ, ట్రాయ్‌కి. వాళ్ళింట్లో కింద బెడ్‌రూమ్ ఉంది. ఇక్కడ మెట్లెక్కలేకపోతున్నాను.”

“ఎన్నాళ్ళకి?”

“ఉండిపోవడానికే. అక్టోబరు పదహారు పొద్దున్న ఫ్లైటు.”

నేను ఏమన్నానో గుర్తులేదు. మంచిదే, మోకాళ్ళకి మంచిది అని ఉంటాను. ఆవిడే అంది, “నా పుట్టినరోజు పదిహేను. డెబ్బై ఐదు. బుధవారమే వచ్చింది చూశారా? కార్డు బాకీ ఉన్నారు మీరు నాకు. పోయిన ఏడు ఆ రోజుకి ఇండియాలో ఉన్నాను.”

“పాస్‌పోర్టులో జులై ఒకటి కదా మీది” అన్నాను.

“అది ఎక్స్ఛేంజి వాళ్ళకి. మా అమ్మ లెక్కలో అక్టోబరు పదిహేను. దసరా నవరాత్రుల్లో, ఆదివారం. తెల్లవారుజామున మూడింటికి. తెనాలిలో.”

“ఏడాది పంతొమ్మిది వందల యాభై.”

“మీరే చెప్పేశారుగా. అన్నయ్యగారూ, అందరికీ ఉజ్జాయింపుగా రాస్తారు, నాకు మాత్రం సరిగ్గా ఉండాలి. నేను గడియారం పెట్టుకుని బతికినదాన్ని.”

అంతవరకూ రాసిన కార్డులన్నీ ఒక పద్ధతి. ఇది వేరు. ఆవిడకి ఇవ్వడానికి నా దగ్గర ఇంకేముంది? వంట రాదు, పాట రాదు. తప్పులేని ఒక లెక్క తప్ప నేను ఇవ్వగలిగింది ఏదీ లేదు. అది మాత్రం తప్పు ఉండకూడదనుకున్నాను.

మర్నాడే లెక్క వేశాను. డెబ్బై ఐదుని మూడు వందల అరవై అయిదుతో గుణిస్తే ఇరవై ఏడు వేల మూడు వందల డెబ్బై అయిదు. ఇక లీపు సంవత్సరాలు. ఆవిడ పుట్టాక మొదటిది యాభై రెండు, చివరిది రెండు వేల ఇరవై నాలుగు. వేళ్ళమీద లెక్కపెడితే పంతొమ్మిది. రెండువేల సంవత్సరం దగ్గర చాలామందికి అనుమానం వస్తుంది. వందతో తెగే సంవత్సరం లీపు కాదు, కానీ నాలుగు వందలతో తెగితే అవుతుంది. కనుక అదీ లెక్కలోకి వస్తుంది. మొత్తం 27,394 రోజులు. గంటల్లో 6,57,456. సెకన్లలో 236 కోట్ల 68 లక్షల 41 వేల 600.

నా దగ్గర ఒక పరీక్ష ఉంది. రోజులని ఏడుతో భాగిస్తే మిగిలే శేషం వారం చెబుతుంది. ఇక్కడ శేషం మూడు. ఆదివారం నుంచి మూడు రోజులు లెక్కపెడితే బుధవారం. ఈ ఏడు అక్టోబరు పదిహేను బుధవారమే. లెక్క సరిపోయింది.

అమ్మాయి చేత దళసరి కాగితం తెప్పించి, నల్ల సిరా పెన్నుతో నిదానంగా రాశాను. చేతివణుకు తక్కువగా ఉండేది పొద్దున పదింటి వేళ. రోజుకో వరస చొప్పున నాలుగు రోజులు పట్టింది. ఇంత పెద్ద అంకెలు నడుమ వంకర లేకుండా రావడం ఈ వయసులో తేలిక కాదు. ఆరిన కార్డుని డైరీ కింద బరువు పెట్టి ఉంచాను.

మంగళవారం, అంటే పద్నాలుగో తేదీ సాయంత్రం నాలుగింటికి ఆవిడ నా ఫోన్‌కి ఒక ఫోటో పంపింది. కింద ఒక వాయిస్ మెసేజ్. “అన్నయ్యగారూ, పెట్టెలు సర్దుతుంటే మా కోడలికి నా జాతకం కనపడింది. మా తాతగారు రాయించింది. లెక్క సరిగ్గా ఉండాలన్నానుగా, పుట్టిన టైము ఇందులో ఉంది చూడండి. నాకు అర్థం కాదు.”

పసుపు మరకలున్న కాగితం. వికృతి నామ సంవత్సరం, ఆశ్వయుజం, ఆదివారం. ఆ కింద, సూర్యోదయం నుంచి గడిచిన ఘడియలు 52, విఘడియలు 30.

రెండుసార్లు చదివాను. కళ్ళజోడు తుడిచి మళ్ళీ చదివాను.

ఘడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. విఘడియ అంటే ఇరవై నాలుగు సెకన్లు. రోజుకి అరవై ఘడియలు. యాభై రెండు ఘడియలంటే ఇరవై గంటల నలభై ఎనిమిది నిమిషాలు, ముప్ఫై విఘడియలు పన్నెండు నిమిషాలు. మొత్తం సరిగ్గా ఇరవై ఒక్క గంటలు. అక్టోబరు నడిమికి తెనాలి వైపు ఆరింటికి అటూ ఇటుగా తెల్లవారుతుంది. ఆదివారం పొద్దున ఆరు నుంచి ఇరవై ఒక్క గంటలు గడిస్తే తెల్లవారుజాము మూడు. వాళ్ళమ్మ చెప్పిన మూడు గంటలు నిజమే. కానీ అది ఆదివారం చివర వచ్చే మూడు, మొదట వచ్చే మూడు కాదు.

మన పెద్దవాళ్ళకి రోజు అర్ధరాత్రి మారదు, తెల్లారితే మారుతుంది. సూర్యుడు వచ్చేదాకా ఆదివారం ఆదివారమే. ఇంగ్లీషు క్యాలెండరు ప్రకారం అప్పటికే సోమవారం వచ్చి మూడు గంటలైంది. ఆవిడ పుట్టింది పదిహేను కాదు, పదహారు. డెబ్బై ఐదేళ్ళుగా ఒక రోజు ముందు పుట్టినరోజు జరుపుకుంటోంది. తారీఖూ వారమూ రెండూ ఒకే వైపు జరిగాయి గనుక నా శేషం పరీక్షకి కూడా అది దొరకలేదు.

కార్డు తీసి ముందు పెట్టుకున్నాను. 27,394. బుధవారం నాటికి అది తప్పు. పదహారో తేదీ నుంచి లెక్కపెడితే బుధవారానికి 27,393 రోజులే. ఆవిడకి డెబ్బై ఐదు నిండేది గురువారం. గురువారం పొద్దున్న ఆవిడ విమానంలో ఉంటుంది.

అయిదున్నరకి అమ్మాయి వచ్చేసరికి నేను బల్ల దగ్గరే ఉన్నాను. బయట మబ్బు, లైటు కూడా వేయలేదు.

“ఏంటి నాన్నా, చీకట్లో?”

చెప్పాను. అమ్మాయి చెప్పులు విప్పుతూ విని, ఫ్రిజ్‌లోంచి పాలు తీసింది.

“ఒక్క రోజే కదా నాన్నా. ఎవరు చెక్ చేస్తారు?”

“ఆవిడ చేస్తుంది.”

“ఆంటీకి ఆ ఘడియలు అర్థం కావని ఆవిడే చెప్పిందిగా.”

“నాకు అర్థమయ్యాయిగా.”

“అయితే వేరే కార్డు రాసేయండి. నైంటీ త్రీ అని. లేకపోతే నేను ప్రింట్ తీసి ఇస్తా, టూ మినిట్స్.”

“తొంభై మూడు అని రాస్తే అది పుట్టినరోజు కార్డెలా అవుతుందమ్మా? పుట్టినరోజు ముందు రోజు కార్డవుతుంది.”

అమ్మాయి నవ్వింది. తరవాత నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. “గురువారం వీడియో కాల్ చేసి చూపిద్దురుగాని” అని, టీ పెట్టడానికి పొయ్యి వైపు తిరిగింది. వీడియో కాల్‌లో కార్డు చేతికి ఇవ్వలేం.

పొయ్యి పైన గోడకి రెండు గడియారాలు ఉన్నాయి. ఒకటి ఇక్కడిది. రెండోది నా భార్య పెట్టించింది, ఇండియా టైముకి. వాళ్ళ చెల్లెలు లేచిందో లేదో చూసి ఫోన్ చేసుకోవడానికి. మార్చిలో, నవంబరులో ఇక్కడి గడియారాన్నే ముందుకీ వెనక్కీ జరిపేవాళ్ళం, ఇండియా గడియారాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆమె పోయాక ఇంట్లో దాని అవసరం ఎవరికీ లేదు. బ్యాటరీ అయిపోతే నేనే మారుస్తుంటాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

అప్పుడు ఇక్కడి గడియారంలో ఆరు. ఆమె గడియారంలో ఆరున్నర. చూడ్డానికి ఈ కాలంలో రెండింటికీ అరగంటే తేడా. కానీ ఆ ఆరున్నర రేపటి పొద్దునది. అక్కడ అప్పటికే బుధవారం తెల్లవారింది.

కుర్చీలోంచి లేచి గడియారాల కిందికి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడకి డెబ్బై ఐదు నిండేది తెనాలిలో పదహారో తేదీ తెల్లవారుజామున మూడింటికి. నా భార్య గడియారంలో మూడు కొట్టినప్పుడు పక్క గడియారంలో రెండున్నర అవుతుంది. పదహారు తెల్లవారుజామున అక్కడ మూడంటే, పన్నెండున్నర గంటలు వెనక్కి వెళితే ఇక్కడ పదిహేను, బుధవారం, మధ్యాహ్నం రెండున్నర.

“ఏమైంది నాన్నా?” అంది అమ్మాయి.

“ఏం లేదు. కార్డు సరిగ్గానే ఉంది.”

తెనాలిలో ఉండి ఉంటే వాళ్ళమ్మ తేదీ ఇంగ్లీషు లెక్కలో ఎప్పటికీ ఒక రోజు తప్పే. ఇక్కడ మాత్రం అది ఒప్పు. సగం ప్రపంచం దాటి వచ్చినందుకు ఆవిడ పుట్టినరోజు మళ్ళీ వాళ్ళమ్మ చెప్పిన తారీఖుకి వచ్చింది. కాకపోతే ఎప్పటిలా ఒకటిన్నరకి కేకు కోసేటప్పుడు ఇస్తే కార్డు గంట ముందవుతుంది. రెండున్నర దాకా ఆగాలి.

బుధవారం ఒంటిగంటకి ముందే వెళ్ళి మేనేజరుగారిని పట్టుకున్నాను. కేకు రెండున్నరకి కోద్దామన్నాను.

“రెండున్నరకా? నాకు షుగరు మాస్టారూ. ఆ టైముకి నేను తినకూడదు.”

“ఎన్నింటికైనా తినకూడదు కదండీ మీరు.”

“అది వేరే విషయం. ముహూర్తం పెట్టారా ఏమిటి?”

“అలాంటిదే.”

ఆవిడ ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. అందరూ చుట్టూ చేరారు. ట్రాయ్‌లో మంచు ఎంత పడుతుందో, బూట్లు ఎక్కడ కొనుక్కోవాలో ఎవరికి తోచింది వాళ్ళు చెబుతున్నారు. నేను కార్డు కవరుని కుర్చీ వెనక దాచి కూర్చున్నాను. రెండు దాటి పది నిమిషాలకి ఆవిడ చిన్నకొడుకు తలుపు దగ్గరికి వచ్చాడు. ప్రతి వారం మూడున్నరకి వచ్చే మనిషి. చేతిలో కారు తాళాలు.

“అమ్మా, వెళ్దామా? లగేజ్ వెయిట్ చూసుకోవాలి. మూడైతే ట్రాఫిక్.”

ఆవిడ సంచి అందుకుంది. నేను లేచాను.

“బాబూ, ఒక్క ఇరవై నిమిషాలు.”

“అంకుల్, కార్డు ఇప్పుడే ఇచ్చేయండి, కార్‌లో చూస్తుంది.”

“ఇప్పుడిస్తే తప్పవుతుంది.”

అతను అర్థంకాక వాళ్ళమ్మ వైపు చూశాడు. నేను ఆవిడకే చెప్పాను. ఘడియలు, ఇరవై ఒక్క గంటలు, సోమవారం తెల్లవారుజాము, రెండు గడియారాలు. ఆవిడ కళ్ళు చిన్నవి చేసుకుని విన్నది, హెడ్‌ఫోన్‌లో వింటున్నట్టు.

“అయితే ఇప్పుడు నాకు డెబ్బై ఐదు నిండలేదు” అంది.

“ఇంకా పంతొమ్మిది నిమిషాలు.”

“మరి మా అమ్మ చెప్పింది తప్పా?”

“అక్కడ తప్పు. ఇక్కడ ఒప్పు.”

ఆవిడ సంచి కింద పెట్టి కూర్చుంది. “నాన్నా, నువ్వు కూడా కూర్చో” అంది కొడుకుతో. “కాల్ బుక్ చేసినవాళ్ళని రెండేసి గంటలు బల్ల మీద కూర్చోబెట్టేవాళ్ళం. ఇరవై నిమిషాలు నేను కూర్చోలేనా?”

అతను నవ్వాడు, తాళాలు జేబులో వేసుకున్నాడు. సాఫ్ట్‌వేర్ మనిషి. కార్డు సంగతి విన్నాక అతనికీ ఆసక్తి పుట్టినట్టుంది. “అంకుల్, లీప్ సెకండ్స్ యాడ్ చేశారా?” అన్నాడు కొంటెగా.

“భూమి తిరుగుడుకి గడియారాలని సరిపెట్టడానికి పంతొమ్మిది వందల డెబ్బై రెండు నుంచి ఇప్పటిదాకా ఇరవై ఏడు సెకన్లు కలిపారు బాబూ. నేను కలపలేదు. మీ అమ్మ పుట్టినప్పుడు టైము చూసినవాళ్ళు విఘడియల దాకా వచ్చారు, అదే ఇరవై నాలుగు సెకన్లు. అది కూడా సరిగ్గా చూశారో లేదో. అంతకంటే సన్నగా కోస్తే నాకు భయం.”

“మరి సెకన్లు ఎందుకు రాశారు?” అన్నారు మేనేజరుగారు పక్కనుంచి.

“కార్డు మీద అందంగా ఉంటాయని.”

అందరూ నవ్వారు, ఆవిడ కూడా. కేకు మీద కొవ్వొత్తి పెట్టారు. ఆవిడ చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టుకుంది. పాత కీ ఇచ్చే గడియారం కాదు, పిల్లలు కొనిచ్చినదే, కానీ దాన్ని చూసే తీరు పాతది. గడ్డం కింద చేయి పెట్టుకుని, ముల్లు మీదనుంచి చూపు తిప్పకుండా. ఏళ్ళ తరబడి ఆవిడ అలా కూర్చుని ఉంటుంది, తనవి కాని మాటలకి కాపలాగా. ఆ మనిషిని నేను ఎప్పుడూ బెంచీ మీదే చూశాను, పనిలో చూడలేదు. ఆ పది నిమిషాలూ చూశాను.

“త్రీ మినిట్స్” అంది ఒకసారి. గొంతు మారిపోయింది. ఎవరికీ ఎదురు చెప్పబుద్ధి కాని గొంతు.

రెండున్నరకి చేయి చాపింది. నేను కార్డు ఆ చేతిలో పెట్టాను.

పైకి చదివింది. ఇరవై ఏడు వేల మూడు వందల తొంభై నాలుగు రోజులు. గంటలు చదివింది. సెకన్ల దగ్గర ఆగి, వేలు పెట్టి కోట్లు, లక్షలు విడదీసుకుని చదివింది. చదవడం పూర్తయ్యేసరికి గడియారం వైపు చూసి, “ఇది అప్పుడే పాతబడిపోయింది అన్నయ్యగారూ” అంది.

“అవునమ్మా. అది ఒక్క సెకనుకే.”

“చాలు. ఆ సెకనుకి అందింది.”

కేకు కోశారు. మేనేజరుగారు రెండు ముక్కలు తిన్నారు. తలుపు దగ్గర ఆవిడ నా వైపు తిరిగి, “వచ్చే ఏడు ఎన్నింటికి?” అని అడిగింది.

“ట్రాయ్ మనకంటే మూడు గంటలు ముందు కదా, అక్కడ సాయంత్రం అయిదున్నర. పదిహేనో తేదీయే.”

“అయితే ఆ టైముకి వంట పెట్టుకోను” అంది. కొడుకు చేయి పట్టుకుని మెట్టు దిగింది. ఫోన్ చేస్తాననలేదు, చేయమనీ అనలేదు. కారు తిరిగేటప్పుడు అద్దం దించి, కవరు ఎత్తి చూపించింది.

మూడింటికి అందరూ వెళ్ళిపోయారు. నేను బెంచీ దగ్గరికి వచ్చి, ఈ చివర కూర్చున్నాను. ఆ చివర తడిసిన మేపుల్ ఆకులు రెండు పడి ఉన్నాయి. ఎదురుగా పార్కింగ్‌లో ఒకతను యంత్రంతో ఆకులు ఊదుతున్నాడు. నాకు ఇంకా అరగంట ఉంది. ఈ అరగంట ఒక్కడినే కూర్చోవాలని, ఆవిడ చెప్పినవన్నీ ఒకసారి గుర్తు చేసుకోవాలని నిన్నటినుంచీ అనుకుంటున్నాను.

అయిదు నిమిషాలు కాకుండానే మా అమ్మాయి కారు వచ్చి ఆగింది. పరిగెత్తినట్టు దిగింది.

“ఇవాళ ఆంటీ ఉండరు కదా, మీరు ఒక్కరే కూర్చుంటారని మీటింగ్ మధ్యలో వచ్చేశాను నాన్నా. మా బాస్‌తో మాట్లాడాను. ఇక ప్రతి బుధవారం షార్ప్ త్రీకి ఉంటాను. మీరు ఒక్క నిమిషం కూడా వెయిట్ చేయక్కర్లేదు.”

దాని ముఖంలో ఎంత సంతోషం ఉందో చూశాను. నేను ఇన్నాళ్ళూ ఆ అరగంట గురించి ఫిర్యాదు చేయలేదు, ఎందుకు చేయలేదో చెప్పనూ లేదు. ఇప్పుడు చెప్పడానికి ఏముంది?

“మంచిదమ్మా” అన్నాను.

కారెక్కి బెల్టు పెట్టుకున్నాను. ముందున్న గడియారం మూడూ ఎనిమిది చూపిస్తోంది. తెనాలిలో మూడూ ముప్ఫై ఎనిమిది. ఇంకా తెల్లవారలేదు, అక్కడి పెద్దవాళ్ళ లెక్కలో ఇంకా బుధవారమే. అమ్మాయి, “మందులు వేసుకున్నారా?” అని అడిగింది. వేసుకున్నానన్నాను.